దీప పేరు దీవ ఎట్లా అయింది?

పిల్లలూ, మొన్న వినాయక చవితికి మా బాన్సువాడలో కుర్రవాళ్ళు పందిరి వేసి, దాని ప్రక్కనే ఒక ఫ్లెక్సీ కట్టారు. పదవ తరగతిలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్న తమ వీధి అమ్మాయిని అభినందిస్తూ ఆమె పేరు పెద్దగా వేయించారు. ఆ అమ్మాయి పేరు దీప అనుకుందాం. పండుగకు పల్లె నుంచి వచ్చిన ఆమె తాత రోడ్డుకు ఆవలి వైపున బస్సు దిగి, జనం మధ్య నిలబడి, కూడబలుక్కుని చదివాడు. "దీవ... ఎవరమ్మా ఈ దీవ? మన పాప పేరు ఎక్కడుంది?" అన్నాడు. అమ్మాయి ముఖం చిన్నబోయింది.

నేను ఫ్లెక్సీ దగ్గరకు వెళ్ళి చూశాను. ఉన్నది "ప"యే! రోడ్డు దాటి చూస్తే మాత్రం అది "వ"యే. మరి తప్పు తాతదా, అక్షరానిదా?

"ప", "వ" వ్రాసి చూడండి. "వ"లో తలకట్టు అక్షరంతో కలిసి ఉంటుంది. "ప"లో తలకట్టుకూ అక్షరానికీ నడుమ చిన్న సందు ఉంటుంది. ఆ సందు పూడిపోతే "ప" కాస్తా "వ" అవుతుంది. మా కుర్రవాళ్ళ ఫ్లెక్సీలో జరిగింది ఇదే. అక్షరం సన్నగా ఉన్నదని, లావుగా కనబడటానికి దాని అంచు చుట్టూ అదే ఎర్రరంగుతో ఒకటిన్నర సెంటీమీటర్ల గీత గీయించారు. అంచు గీతలో సగం అక్షరం లోపలికీ, సగం బయటికీ పోతుంది. అంటే సందుకు ఇటునుంచి ముప్పాతిక సెంటీమీటరు, అటునుంచి ముప్పాతిక సెంటీమీటరు ఎరుపు వచ్చి పడింది. అక్షరం ఎత్తు 15 సెంటీమీటర్లు. అందులో సందు ఒకటిన్నర సెంటీమీటర్లు. ఇక మిగిలిందేముంది? దగ్గరనుంచి చూస్తే అంచుల వంపును బట్టి "ప" అని పోల్చుకున్నాను గాని, దూరానికి ఆ వంపు కూడా కనబడదు.

కంటికి ఒక హద్దు ఉన్నది. చూపు బాగా ఉన్నవాడికి పది మీటర్ల దూరంలో సుమారు 3 మిల్లీమీటర్ల సందు కనబడుతుంది. అంతకన్నా చిన్నదైతే రెండు గీతలూ ఒకటిగానే తోస్తాయి. దూరం మూడింతలైతే సందు కూడా మూడింతలు కావాలి. అంటే 30 మీటర్లకు 9 మిల్లీమీటర్లు. ఇది కూడా నిలబడి, మంచి వెలుతురులో చూసినప్పటి మాట. బస్సుల మధ్యనుంచి, మసక వెలుతురులో, అరవై ఏళ్ళ కళ్ళతో చదివేవారికి దీనికి రెట్టింపైనా ఉండాలి. (నా కళ్ళను గురించి కూడా చెప్పుకుంటున్నాననుకోండి.) కనుక అదే అక్షరాన్ని 18 సెంటీమీటర్ల ఎత్తున వేసి, అంచు గీత మానేస్తే సందు 18 మిల్లీమీటర్లు అవుతుంది. తాత చదివేవాడే.

లావు అక్షరం కావాలంటే, లావుగానే గీసిన అక్షరాల వరుసను ఎన్నుకోవాలి. రామభద్ర అనే ఫాంటు అటువంటిది. గీసినవారు గీతను లావు చేస్తూనే సందులను కూడా చూసుకుంటారు. పేరు పొడుగైతే దుకాణంలో దాన్ని ప్రక్కలనుంచి నొక్కి ఇరికిస్తారు. అప్పుడు కూడా సందులు పూడతాయి. అంతకంటే రెండు వరుసలు చేయడం మేలు.

రెండు వరుసలన్నాను గాని, అక్కడా ఒక చిక్కు ఉంది. పైన "బాన్సువాడ", క్రింద "దీప" వేశారనుకోండి. "న్సు"లో "స" ఒత్తు క్రిందికి దిగుతుంది. "దీ"కి గుడి పైకి లేస్తుంది. రెండూ ఒకదాన్నొకటి తగిలితే ఏ గీత ఎవరిదో తెలియదు. కాబట్టి ఖాళీని అక్షరాల పొట్టలనుంచి కాక, పై వరుస ఒత్తు అడుగునుంచి క్రింది వరుస గుడి కొస దాకా కొలవాలి. అక్షరాలను ఎడం చేసేటప్పుడు కూడా జాగ్రత్త! కొన్ని పాత ఫాంట్లలో ఒత్తు విడి ముక్కగా ఉంటుంది. ఎడం పెంచితే అది తన అక్షరాన్ని వదిలి ప్రక్కదాని క్రిందికి జరుగుతుంది.

అచ్చువేయించే ముందే ఇదంతా ఇంట్లో పరీక్షించవచ్చు. ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ అంటే సుమారు 244 సెంటీమీటర్లు. దాన్ని పదోవంతుకు తగ్గిస్తే ఇరవైనాలుగున్నర సెంటీమీటర్లకు లోపే. ఎ4 కాగితాన్ని అడ్డంగా పెడితే పడుతుంది. దాన్ని గోడకు అంటించి మూడు మీటర్ల దూరాన నిలబడండి. 30 మీటర్లనుంచి అసలు ఫ్లెక్సీ ఎట్లా కనబడుతుందో, ఇదీ అట్లాగే కనబడుతుంది. అయితే పేరు ముందే తెలిసినవారిచేత చదివించకండి. వాళ్ళ కళ్ళు లేని సందును కూడా చూస్తాయి!

మా కుర్రవాళ్ళు ఆ సాయంత్రమే కాగితం మీద కొత్త పేరు తెచ్చి మా అరుగు మీద పెట్టారు. దీప తాతను పిలుచుకు వచ్చి మూడు మీటర్ల దూరాన నిలబెట్టాం. ఆయనకు అప్పటికే పేరు తెలుసునని గుర్తువచ్చి, ప్రక్కింటి పాలవాడిని పిలిచాం. అతను ఒక్కసారికే "దీప" అని చదివాడు.