వేసిన డబ్బు తీయాలన్నా ఆడాల్సిందేనా?

చీమకుర్తి గ్రానైట్ క్వారీలో టిప్పర్ నడిపే కుర్రాడు జీతం పడిన రాత్రి రంగులు చెప్పే యాప్ ఒకటి తెరిచి, పదివేలు వేశాడనుకుందాం. మొదటి డిపాజిట్‌కు ఇస్తామన్న బోనస్ వద్దన్నాడు. బోనస్ తీసుకుంటే షరతులుంటాయని స్నేహితులు ముందే చెప్పారు. పది నిమిషాలకే మనసు మారింది. ఒక్క పందెమూ కాయకుండా డబ్బు వెనక్కి తీసుకుందామని చూస్తే తెరమీద `Need to bet ₹10,000` అని వచ్చింది. అంటే తన డబ్బు తాను తీసుకోవాలన్నా, ఆ డబ్బంతా ఒకసారి పందెంలో తిరగాలి. ఇది ఒకరెట్టు టర్నోవర్. కొన్ని సైట్లు మూడు రెట్లు అడుగుతాయి.

ఒకరెట్టే కదా, కాసేపు ఆడి తీసేసుకోవచ్చు అనిపిస్తుంది. కానీ లెక్క వేరు. ఇలాంటి యాప్‌లలో ఎక్కువగా కనిపించే పద్ధతిలో నూరు రూపాయల పందెంలో రెండు రూపాయలు ముందే ఫీజుగా పోతాయి. సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక అంకె పడుతుంది. ఆకుపచ్చ మీద కాస్తే నాలుగు అంకెలకు మిగిలిన 98కి రెట్టింపు వస్తుంది. అయిదు పడితే ఒకటిన్నర రెట్లే. మిగతా అయిదు అంకెలకు ఏమీ రాదు. పది ఆటల్లో ప్రతి అంకె ఒకసారి పడిందనుకున్నా, వెయ్యి కాసినవాడికి తిరిగొచ్చేది 931. ఈ లెక్కన పదివేలు తిప్పితే సగటున 690 పోతుంది. మూడు రెట్లయితే రెండు వేలు దాటుతుంది. అంకెలు నిజాయితీగా పడతాయని నమ్మితేనే ఈ లెక్క. ఆ నమ్మకానికి ఆధారమేమీ లేదు.

సగటు ఒక్కటే చూసినా తప్పే. షరతు తొందరగా తీర్చుకుందామని రెండు మూడు పెద్ద పందేలు కాసేవాడు మొత్తం పోగొట్టుకోవచ్చు. పోయింది రాబట్టుకుందామని మళ్లీ డిపాజిట్ వేస్తే దాని టర్నోవర్ కూడా పాత బాకీకి కలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ రెండిటి మీదా సమానంగా కాసి నష్టం తగ్గించుకోబోతే, ఆ పందేలు లెక్కలోకి రావనే నిబంధన చాలాచోట్ల ఉంటుంది. ఆడకుండా తిరిగి వెళ్లిపోబోయిన మనిషిని ఆటగాడిగా మార్చడమే ఈ షరతు చేసే అసలు పని. గుంటూరు యార్డుకు తెచ్చిన మిర్చి టిక్కీలను ధర నచ్చక వెనక్కి తీసుకెళ్తానన్న రైతుతో, కమిషన్ కట్టి ఒకసారి అమ్మి, మళ్లీ కొనుక్కుని పొమ్మన్నట్టుంది.

ఎందుకీ షరతు అంటే సైట్లు ముందు చెప్పేది నల్లధనం సంగతి. దొంగ సొమ్ము డిపాజిట్‌గా వేసి, ఆడకుండా తీసేసి, ఆటలో గెలిచానని చూపించే ఎత్తు నిజంగానే ఉంది. క్యాసినోలపై ఆర్థిక చర్యల కార్యదళం (ఎఫ్ఏటీఎఫ్) 2009లో ఇచ్చిన నివేదికలోనూ, పెద్దగా ఆడకుండా డబ్బు తీసేసుకోవడం అనుమానించదగ్గ లక్షణాల్లో ఒకటి. కాబట్టి కారణం కల్పితం కాదు. మందే ఆ రోగానికి పనికిరాదు. దొంగ సొమ్మును తెల్లగా మార్చుకునేవాడికి నూటికి ఏడు రూపాయలు నష్టమే కాదు, అతను దాన్ని ఖర్చు కింద రాసుకుంటాడు. పైగా పందేలు కాసిన చరిత్ర కూడా చేతికొస్తుంది. దెబ్బ తగిలేది మనసు మార్చుకున్న టిప్పర్ కుర్రాడికే.

ఈ పనికి సరైన సాధనం వేరే ఉంది. డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే తిప్పి పంపాలి, దాంతోపాటు మనిషి ఎవరో ముందే సరిచూసుకోవాలి. వచ్చిన చోటికే డబ్బు తిరిగి వెళ్తే తెల్లబరచడానికి మిగిలేది తక్కువ. బ్రిటన్‌లో పోటీ, మార్కెట్ల ప్రాధికార సంస్థ 2018లో జూద కంపెనీల ప్రమోషన్ల మీద పడినప్పుడు పట్టుబట్టిన విషయాల్లో, ఆటగాడి సొంత డబ్బును పదేపదే ఆడితేగానీ ఇవ్వమని బంధించకూడదన్నది ఒకటి. అక్కడ బోనస్ తీసుకున్నవాడి సొంత డబ్బు గురించే అంత పట్టింపు ఉంటే, ఇక్కడ బోనస్సే తీసుకోనివాడి మీద షరతు పెడుతున్నారు.

మరి వచ్చిన ఖాతాకే ఎందుకు పంపరు? మనదగ్గర నడిచే విదేశీ యాప్‌లలో చాలావాటికి అది చేతకాదు. డిపాజిట్ నొక్కిన ప్రతిసారీ కొత్త యూపీఐ ఐడీ వస్తుంది. అది సైటుది కాదు, కమిషన్‌కు ఖాతా అద్దెకిచ్చిన ఎవరిదో. పోలీసుల భాషలో మ్యూల్ ఖాతా. తిరిగిచ్చే డబ్బు మరో ఖాతా నుంచి వస్తుంది. 2020 ఆగస్టులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు బయటపెట్టిన రంగుల పందెం కేసులో వందల కోట్లు డొల్ల కంపెనీల ఖాతాల గుండా పోయాయి. మహదేవ్ యాప్ కేసులో ఈడీ ఆరోపణ కూడా బినామీ ఖాతాల మీదే. లోపలికి వచ్చే ప్రతి రూపాయికీ, బయటికి పోయే ప్రతి రూపాయికీ ఖాతా అద్దె ఖర్చుంటుంది. ఆడనివాడి దగ్గర ఆ ఖర్చు రాబట్టే దారి టర్నోవర్ ఒక్కటే. మనీలాండరింగ్ నివారణ అంటూ షరతు పెట్టే సైటే అద్దె ఖాతాల్లో డబ్బు తిప్పుతోందన్నమాట.

న్యాయంగా చెప్పాలంటే, పన్ను కట్టిన దేశీయ కంపెనీలకు ఒకప్పుడు గట్టి కారణమే ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి డిపాజిట్ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ పడింది. ఆటగాడు వేసిన పదివేలల్లో 2,187 రూపాయలకు పైగా పన్నే. ఆడకుండా డబ్బు తిరిగిచ్చినా పన్ను విలువ తగ్గదని నిబంధనలో స్పష్టంగా రాశారు. అయినా ఆ కారణాన్ని వెబ్‌సైట్‌లో దాచకుండా చెప్పవచ్చు, పన్ను మేరకు కోసుకుని మిగతాది ఇవ్వవచ్చు. పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడ్డాక, పెద్ద దేశీయ కంపెనీలు డబ్బు ఆటలు ఆపేసి, నిల్వలు తీసుకొమ్మని ఆటగాళ్లకు చెప్పాయి. ఆటలే లేనప్పుడు టర్నోవర్ అడిగే వీలు ఎక్కడ? అంటే డబ్బు ఆడకుండా తిరిగివ్వడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు.

ఇప్పుడు మిగిలినవి ఎక్కువగా దేశం బయటి నుంచి నడిచేవి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆర్డినెన్స్‌తో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. అందులో ఆడేవాడికీ ఆరు నెలల వరకూ శిక్ష ఉంది. కేంద్ర చట్టం ఆటగాడిని శిక్షించదు గానీ, రాష్ట్ర చట్టం భయంతో చీమకుర్తి కుర్రాడు స్టేషన్ మెట్లెక్కడు. షరతు అన్యాయమని ఏ వినియోగదారుల ఫోరానికి వెళ్లినా, అది నిషిద్ధమైన ఆట కోసం కట్టిన డబ్బు కదా అన్న ప్రశ్న ముందు ఎదురవుతుంది. సైట్లకు ఇది తెలుసు.

ఒక తేడా మాత్రం గుర్తుపట్టాలి. టర్నోవర్ షరతు ఎంత అన్యాయమైనా, లోపల ఉన్న డబ్బునే తిప్పమంటుంది. విత్‌డ్రాకు ముందు పన్ను కట్టాలనో, ఖాతా తెరిపించాలనో కొత్తగా డబ్బు పంపమన్నారంటే అది షరతు కాదు, మోసం. ఆదాయపన్ను చట్టం ప్రకారం నికర గెలుపు మీద పన్నును చెల్లించే సంస్థే ముందుగా కోసి మిగతాది ఇవ్వాలి. ఆటగాడు విడిగా సైటుకు పంపడమన్నదే లేదు. ఇప్పటికే పంపేసి ఉంటే, ఆ యూపీఐ ఐడీ, తేదీ, యూటీఆర్ నంబరు కనిపించే తెరపట్టు తీసుకుని 1930కి ఫోన్ చేయడంలో ఒక్క గంట ఆలస్యమైనా, అద్దె ఖాతాలోంచి డబ్బు ఇంకో ఖాతాకు దాటిపోవచ్చు.