‘షహీద్’ అన్న మాటా, నోటీసులోని నియమమూ

ఫేస్‌బుక్ ఖాతా నిలిపివేతకు గురైనప్పుడు మనలో పలువురు నోటీసును చదవకుండానే కొత్త ఖాతా తెరుస్తారు. నిలిపివేతను తప్పించుకునేందుకు మరో ఖాతా తెరవడం కూడా ఆ సంస్థ నిబంధనలకు విరుద్ధమే. అది ఉన్న న్యాయాన్ని కూడా బలహీనపరుస్తుంది. కారణమేమిటన్నది నోటీసులో ఉదహరించిన నియమమే చెబుతుంది.

‘షహీద్’ అన్న మాటనే తీసుకుందాం. మెటా సంస్థ తాను ప్రమాదకరులుగా జాబితాలో చేర్చిన వ్యక్తులను ఎవరైనా ఆ మాటతో పేర్కొంటే, దానిని ప్రశంసగా ఎంచి తొలగిస్తూ వచ్చింది. తన వేదికలపై తొలగింపులకు అన్ని మాటలకన్నా ఈ ఒక్క మాటే ఎక్కువగా కారణమవుతోందని ఆ సంస్థే అంగీకరించింది. ఆ మాటకు అర్థాలు అనేకమనీ, అది మనుషుల పేరు కూడాననీ, ఆ నిషేధం మితిమీరినదనీ 2024 మార్చిలో పర్యవేక్షక మండలి అభిప్రాయం వెలువరించింది. అదే ఏడాది జూలైలో మెటా తన పద్ధతిని సవరించుకుంది. జాబితాలోని వ్యక్తిని షహీద్ అన్నప్పటికీ, ఆయుధాల చిత్రం వంటి హింసా సూచన గానీ, మరో విధమైన నియమ ఉల్లంఘన గానీ తోడైతేనే తొలగిస్తామని ప్రకటించింది.

ఒంగోలు ప్రాంత మిర్చి వ్యాపారి ఒకరు ముహర్రం నాడు ఇమామ్ హుస్సేన్‌ను షహీద్‌గా స్మరిస్తూ తన వ్యాపార పేజీలో రాశారనుకుందాం. మరునాడు పేజీ ఆగిపోయింది. నోటీసులో Dangerous Organizations and Individuals అని ఉంది. ఆ నియమం పూర్తి పాఠాన్ని తెరిచి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ పోస్టును తప్పుపట్టారు? అందులోని వ్యక్తి నియమం పరిధిలోకి వస్తాడా? హింసను సూచించేది ఏదైనా ఉందా? కర్బలా అమరుడు ఆ జాబితాకు చెందినవాడు కాడు. కనుక అప్పీలులో ఆవేదన కాక, ఈ మూడింటికి జవాబే రాయాలి. అయితే పోస్టుతో తుపాకుల చిత్రం ఉంటే వాదన అంత తేలిక కాదు.

సంస్థ కాదంటే దారి మూసుకుపోదు. 2021 ఐటీ నియమాల ప్రకారం పెద్ద సామాజిక మాధ్యమ సంస్థలు తమంతట తాము సమాచారాన్ని తొలగించేటప్పుడు కారణం తెలిపి, దానిని ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి. ముందుగా సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఆయన నిర్ణయం అందిన 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల అప్పీలు కమిటీని gac.gov.in ద్వారా ఆశ్రయించవచ్చు. ప్రభుత్వ ఆదేశంపై నిలిపివేసిన ఖాతాల సంగతి వేరు. అక్కడ న్యాయస్థానమే దిక్కు.

కనుక నోటీసు రాగానే దాని చిత్రాన్నీ, తేదీనీ, నియమం పేరునూ, ఆ పోస్టు నకలునూ భద్రపరచాలి. నోటీసు తెర నుంచి మాయమయ్యాక అప్పీలుకు మిగిలే సాక్ష్యం అదొక్కటే.