చీనా శాసన వాక్యంలో పూర్వవిశేషణాలు: తుంచడమే అనువాదమా?

చీనా నుండి ఆంగ్లానికి అనువదించేవారికి ఒక సూత్రాన్ని తరచు బోధిస్తారు: నామానికి ముందు విశేషణాలు బారులు తీరితే వాటిని తుంచి చిన్న వాక్యాలుగా చేయాలని. వార్తకు ఇది చాలవరకు చెల్లుతుంది. శాసనానికి కూడ దీనినే వర్తింపజేస్తే అది అనువాదం కాదు, శాసన సవరణ.

చీనాలో విశేషణం ఎంత దీర్ఘమైనా విశేష్యానికి ముందే నిలుస్తుంది. రెంటినీ 'ద' అనే అవ్యయం కలుపుతుంది. మన ధాతుజ విశేషణాన్ని ఎరిగినవారికి ఇది వింత కాదు. 'నిన్న సంతలో కొన్న ఎద్దు' అన్నప్పుడు పలు ఎద్దులలో ఒకదానిని వేరుచేస్తున్నామా, ఉన్న ఒక్కదాని గురించే అదనంగా ఒక ముక్క చెబుతున్నామా అన్నది మన రూపం తేల్చదు. చీనా రూపమూ తేల్చదు. ఆంగ్లం మాత్రం కామా పెట్టో మానో తేల్చి తీరాలి. 'మార్చిలో సంతకాలు జరిగిన, ఉభయ చట్టసభలు ఆమోదించిన ఒప్పందం' అని వార్తలో ఉంటే, ఒప్పందం ఏదో పాఠకునికి ముందే తెలుసు గనుక రెండు వాక్యాలు చేసినా నష్టం లేదు.

1997లో సవరించిన చీనా నేరశాసనంలోని 20వ అధికరణం ఇందుకు భిన్నం. దాని అన్వయాన్ని సంక్షేపించి తెలుగు వరుసలో పెడితే ఇలా ఉంటుంది: రాజ్య, ప్రజా ప్రయోజనాలను, తన లేదా ఇతరుల హక్కులను జరుగుతున్న అక్రమ దాడి నుండి కాపాడుటకై చేపట్టిన, ఆ దాడిని అరికట్టు చర్య దాడిచేసినవానికి హాని కలిగించినచో, అది న్యాయమైన రక్షణ, నేరబాధ్యత లేదు. సూత్రం ప్రకారం తుంచితే, 'దాడిని ఆపుటకు చర్య తీసికొనవచ్చును. ఆ దాడి జరుగుతూ ఉంటుంది' అని తేలుతుంది. 'జరుగుతున్న' అన్న హద్దు వట్టి వర్ణనగా మారింది. దాడి ముగిశాక తీర్చుకొన్న పగకు కూడ మొదటి వాక్యం చోటిస్తుంది, మూలం ఇవ్వదు.

'హాని కలిగించిన' అన్నచోట చీనాలో చివర 'ద' ఉంటుంది గాని, దాని తరువాత నామం ఉండదు. తెలుగులో అక్కడ 'వాడు' అనో 'ఎడల' అనో చేర్చక తప్పదు. బుద్ధిపూర్వక హత్యను గురించిన 232వ అధికరణంలో 'చేసినవాడు' అన్నది సరిపోతుంది, ఎందుకంటే శిక్ష పడేది మనిషికి. ఆ అలవాటుతో 20వ అధికరణంలోనూ 'ఎవడైనా' అని మొదలుపెట్టిన అనువాదకునికి మనిషే 'రక్షణ' అయి కూర్చుంటాడు! ఆ వికారమే పొరపాటును పట్టిస్తుంది.

కనుక ఆంగ్లంలో షరతును 'వేర్' అనే పదంతో వాక్యాదిన నిలపాలి. 'జరుగుతున్న' అనే పొట్టి విశేషణాన్ని 'దాడి'కి ముందే ఉంచాలి. ప్రయోజనాన్ని తెలిపే దీర్ఘభాగాన్ని 'చర్య' తరువాతికి జరపాలి. ప్రధానక్రియ ఒక్కటే ఉండాలి. ఏ విశేషణాన్ని విడదీయవచ్చునో తెలియకపోతే దానిని తొలగించి చూడాలి. శాసనం వర్తించే చర్యల పరిధి పెరిగితే అది హద్దు, విడదీయరాదు. వాక్యం బరువెక్కుతుందన్న ఆక్షేపణ నిజమే. ఆ బరువును ఉపఖండాలుగా పంక్తులు విడగొట్టి తగ్గించవచ్చును, పూర్ణవిరామంతో కాదు.