మూడు వద్దు, రెండు చాలు

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి ఒక్కొక్కరు మూడు ప్రపోజల్స్ దాకా పంపొచ్చు. ఎంపికయ్యేది మాత్రం ఒక్కటే. ఈ రూల్ తెలియగానే మనోళ్లు అనే మాట, "మూడు ఛాన్సులున్నయ్ కదా, మూడూ వేసేద్దాం, పోయేదేముంది?" పోయేది టైమే. రెండే రాయాలని, మూడోది ఎప్పుడు వదిలేయాలో ముందే తేదీ పెట్టుకోవాలని నా అభిప్రాయం.

2025 క్యాలెండర్ తీసుకుని లెక్క వేద్దాం. ఆ ఏడాది సంస్థల లిస్టు ఫిబ్రవరి 27న వచ్చింది. అప్లికేషన్లు మార్చి 24న మొదలై ఏప్రిల్ 8న ముగిశాయి. మొత్తం 41 రోజులు. మిడ్ పరీక్షలకు ఎనిమిది, ఉగాదికి రెండు తీసేస్తే 31 మిగులుతాయి. క్లాసులయ్యాక రోజుకి రెండు గంటలు కూర్చుంటే 62 గంటలు. ఒక ప్రపోజల్‌కి కోడ్ చదివి చిన్న ప్యాచ్ పంపడానికి 15, డ్రాఫ్ట్‌కి 6, దిద్దడానికి 4, అంటే 25 గంటలు అనుకోండి. రెండింటికి 50 సరిపోతాయి. మూడింటికి 75 కావాలి, అవి మన దగ్గర లేవు.

మొదటి వారం ఏమీ రాయొద్దు. సంస్థలు పెట్టిన ఐడియాల్లోంచి ఓ ఐదు తీసుకుని ఒక్కోదానికి అర పేజీ నోట్స్ రాసుకోవాలి: ఏ ఫైళ్లు మారతాయి, మారితే ఎవరికి పనికొస్తుంది, ఇందులో నాకు రానిదేంటి. ఆ కోడ్ మన ల్యాప్‌టాప్‌లో బిల్డ్ కాకపోతే ఆ ఐడియా అక్కడే పక్కన పెట్టాలి. మార్చి 5 నాటికి మూడు మిగలాలి.

తర్వాతి పది రోజులు ప్యాచ్‌లకి. దరఖాస్తు చేసేవాళ్లు కనీసం ఒక ప్యాచ్ పంపాలని సింపై లాంటి సంస్థలు ఏళ్లుగా అడుగుతున్నాయి. అడగని చోట కూడా ప్యాచ్ పంపితే అక్కడివాళ్లు ఎంత త్వరగా జవాబిస్తారో తెలుస్తుంది. నేను మార్చి 15ని కటాఫ్ అంటాను. ఆ రోజుకి ఏ సంస్థ నుంచి జవాబు లేదో దాన్ని వదిలేయాలి. మూడూ జవాబిస్తే, "నాకు రానిదేంటి" దగ్గర ఎక్కువ రాసుకున్నది వదిలేయాలి.

ఇక్కడే చాలామంది ప్లాన్ తప్పుతుంది. మనం రాసే గంటలే లెక్కేస్తాం, మెంటర్ చదివే రోజులు లెక్కేయం. మెంటర్లలో చాలామందికి ఇది వాలంటీర్ పని. చివరి వారం అందరి డ్రాఫ్టులూ ఒకేసారి వాళ్ల మీద పడతాయి. అందుకే రెండు డ్రాఫ్టులూ ఒకే రోజు పూర్తి చేయాలనుకోవద్దు. మొదటిది మార్చి 19కి మెంటర్‌కి పోవాలి. ఆయన చదివేలోపు రెండోది రాయాలి. అది 24న పోయేసరికి మొదటిదాని మీద కామెంట్లు వచ్చే అవకాశం ఉంటుంది. మన సింగరేణిలో ఫస్ట్ షిఫ్ట్ దిగేసరికి సెకండ్ షిఫ్ట్ ఎక్కినట్టు, ఒకటి అటు పోతే ఇంకోటి మన చేతిలో ఉండాలి.

రెండింటికీ కామన్‌గా వాడుకోదగ్గది మన పరిచయం, వేసవిలో సెమిస్టర్ పరీక్షలు ఏ వారాల్లో ఉన్నాయన్న వివరం, అంతే. మిగతాది కాపీ కొట్టామా లేదా అన్నది చూడ్డానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ప్రపోజల్‌లో సంస్థ పేరు తీసేసి ఇంకో పేరు పెట్టి చదవండి. అప్పుడూ అర్థవంతంగానే ఉంటే అది ప్రపోజల్ కాదు, కవర్ లెటర్. "మొదటి రెండు వారాలు కోడ్‌బేస్ అర్థం చేసుకుంటాను" అనే లైను అలాంటిదే. ఏ మాడ్యూల్, ఏ టెస్టులు, రెండో వారం చివర ఏం చూపిస్తాం అన్నది అక్కడ ఉండాలి.

ఆ ఏడాది ఉగాది మార్చి 30న, ఆదివారం వచ్చింది. పండక్కి మందమర్రి పోయేవాడు ల్యాప్‌టాప్ హాస్టల్లోనే వదిలేసినా నష్టం లేదు. ప్రింట్ తీసుకెళ్లి ఇంట్లో అమ్మకో తమ్ముడికో ఈ ప్రాజెక్ట్ ఏంటో తెలుగులో చెప్పాలి. నాలాంటి ఇంగ్లిష్ మీడియం వాళ్లకి ఇది కష్టమే. కానీ ఎక్కడ మాట ఆగిపోతుందో అక్కడ మనకే క్లారిటీ లేదన్నమాట.

మార్చి 24 నుంచి పీడీఎఫ్ అప్‌లోడ్ చేయొచ్చు, గడువు దాకా మార్చుకోవచ్చు కూడా. కాబట్టి పూర్తికాకున్నా ఒక కాపీ ముందే పెట్టేయాలి. ఏప్రిల్ 3 తర్వాత విషయం మార్చొద్దు, తప్పులు దిద్దాలంతే. 5న ఫైనల్ కాపీలు పెట్టేయాలి. గడువు 18:00 UTC అని రాశారు. అది మనకి రాత్రి 11:30. దాన్ని సాయంత్రం ఆరు అనుకుంటే కంగారు, మన టైమ్ ప్రకారం అర్ధరాత్రి 12 అనుకుంటే మాత్రం రెండు ప్రపోజల్సూ పోయినట్టే.