దావా నడుస్తూంటే లెక్కలో వ్రాయాలా?

టి. నగర్‌లో ఒక బట్టలకొట్టువారు చేయించిన మరమ్మతుల వల్ల తమ గోడ బీటలువారిందని పొరుగువారు 5 లక్షలకు దావా వేశారనుకుందాం. మార్చి 31న లెక్క ముగించాలి. మేమైతే వకీలుగారిని రెండు సంగతులు వ్రాసి ఇమ్మంటాము: ఓడే అవకాశమే ఎక్కువా? ఓడితే ఎంత?

“ఓడతాము, 3 లక్షలు కట్టవలసి రావచ్చు” అంటే, దావా మొత్తం కాదు, ఆ 3 లక్షలే ఖర్చు వ్రాసి కేటాయించాలి. “గెలుపే ఎక్కువ, అయినా ఓటమిని కొట్టివేయలేము” అంటే పద్దు వద్దు. లెక్కల క్రింద వివరణ చాలు. దావాలో బొత్తిగా పస లేకపోతే అదీ అక్కరలేదు. అకౌంటింగ్ స్టాండర్డ్ 29 చెప్పేదీ ఇదే.

లెక్కలపై సంతకాలు కాకముందే, మే నెలలో తీర్పు వచ్చిందా, మార్చి లెక్కనే దిద్దాలి. లేకుంటే లాభమని భాగస్థులు పంచుకున్న సొమ్మును తిరిగి తెమ్మనవలసి వస్తుంది గదా!