తప్పుకుంటే చాలదు, అప్పగించాలి

అపార్ట్‌మెంట్ వినాయక చవితి పందిట్లో ఐదో రోజు పులిహోర మన వంతు అని ఒప్పుకున్నాక అత్తగారికి ఒంట్లో బాగోకపోవచ్చు. అప్పుడు తప్పుకోవడంలో తప్పేం లేదండీ. కానీ గ్రూపులో "సారీ, కుదరదు" అని పెట్టేసి ఊరుకుంటే ఎవరో ఒకరు చేస్తారులే అని అందరూ అనుకుంటారు, ఎవరూ చేయరు.

అందుకే ముందు వంతులు వేసే ఆవిడకి ఫోన్ చేయాలంటాను. ఆవిడ సరేనన్నాకే, ఇంకా ఏ వంతూ తీసుకోని పక్కింటి వదినని అడగాలి. మొహమాటపడుతుంటే బలవంతపెట్టకుండా ఇంకొకరిని చూడాలి.

ఒప్పుకున్నవారికి లెక్క కూడా చెప్పాలి. అరవై మందికి దొన్నెల్లో పంచాలంటే మూడు కిలోల బియ్యం, సుమారు 300 గ్రాముల చింతపండు పడతాయి. పులుసు ముందురోజు రాత్రే ఉడికించుకుంటాం కాబట్టి కబురు ఆ మధ్యాహ్నానికల్లా అందాలి. జాబితాలో పేరు మారిందని చూసుకున్నాకే మన వంతు తీరినట్టు.