బాల్కనీ గ్రిల్‌కు ‘వద్దు’ అనకూడదు

పసిపిల్లలున్న ఇంటివారు బాల్కనీకి గ్రిల్ బిగించుకుంటామని ఉత్తరం ఇస్తే, ‘ఎలివేషన్ పాడవుతుంది’ అన్న ఒక్క మాటతో తిప్పి పంపే అపార్ట్‌మెంట్ సంఘాలు మన నగరాల్లో ఉన్నాయి. ఈ పద్ధతి మారాలి. గ్రిల్ ఎలా ఉండాలో సంఘం చెప్పవచ్చు, చెప్పాలి కూడా. అసలు వద్దనడం మాత్రం దాని పని కాదు.

బాల్కనీ రెయిలింగ్ కనీసం 1 మీటరు ఎత్తుండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. మూడేళ్ల బిడ్డ నేల మీద నిలబడితే ఆ ఎత్తు తల దాకా వస్తుంది కనుక చాలుననిపిస్తుంది. కానీ మన బాల్కనీలు ఖాళీగా ఉండవు. బట్టల బకెట్టు, ప్లాస్టిక్ స్టూలు, తులసి కుండీ, ఏసీ బయటి పెట్టె అన్నీ అక్కడే. ముప్పై సెంటీమీటర్ల బకెట్టును బోర్లించి ఎక్కితే ఇక మిగిలే అడ్డు 70 సెంటీమీటర్లే. అంటే బిడ్డ రొమ్ము ఎత్తు; చేతులు ఊని పైకి లేవడానికి సరిపోతుంది. పాత గచ్చు మీదే కొత్త టైల్స్ పరిచిన ఫ్లాట్లలో ఆ కాస్త ఎత్తూ తగ్గుతుంది. రెయిలింగ్‌లో అడ్డ కమ్మీలుంటే బకెట్టు కూడా అక్కర్లేదు, అవే మెట్లు. బిడ్డ మీద కన్నేసి ఉంచాలని తల్లికి చెప్పడం తేలికే. పొయ్యి మీద పాలు పొంగుతున్న నిమిషంలో ఆ సలహా ఎవరినీ కాపాడదు.

ఇక ఉత్తరం సంగతి. ‘గ్రిల్‌కు అనుమతి ఇవ్వగలరు’ అని రెండు వాక్యాలు రాస్తే సంఘానికి నిర్ణయించడానికి ఏమీ ఉండదు, అందుకే నిరాకరణ సులువవుతుంది. అయిదో అంతస్తు యజమాని ఇలా రాయవచ్చు: ‘గ్రిల్ రెయిలింగ్‌కు లోపలి వైపునే ఉంటుంది, గోడ దాటి ఒక్క అంగుళం కూడా బయటకు రాదు. కమ్మీలన్నీ నిలువు, మధ్య ఖాళీ 10 సెంటీమీటర్లకు మించదు. బిగింపు పక్క కాంక్రీటు స్తంభాలకు, బాల్కనీ నేలకు కాదు. ఒక పలక లోపలికి తెరుచుకుంటుంది. దాని గడియ పిల్లలకు అందని ఎత్తులో ఉంటుంది, తాళం వేయం. రంగు సంఘం చెప్పినదే. పని పగటిపూట చేయిస్తాం, కింద మనిషిని నిలబెట్టి దారి ఆపిస్తాం. కింది ఫ్లాటుకు నీరు కారితే మరమ్మతు ఖర్చు మాదే.’ దీనికి కొలతల బొమ్మ ఒకటి జత చేయాలి.

ఇందులో రెండు మాటలు సంఘం ప్రత్యేకంగా పట్టుబట్టాల్సినవి. మొదటిది బిగింపు. ముందుకు పొడుచుకొచ్చే బాల్కనీ స్లాబులో బరువును మోసే ఇనుము పైభాగానికి దగ్గరగా ఉంటుంది. నేలకు డ్రిల్ వేస్తే ఆ చువ్వలకు తగలవచ్చు, వాటర్‌ప్రూఫింగ్ చిరిగి కింది ఇంటి సీలింగ్‌లో చెమ్మ మొదలవుతుంది. ఇటుక స్థానంలో తేలికపాటి ఏఏసీ బ్లాకులు వాడిన గోడల్లో మామూలు బోల్టు గట్టిగా పట్టదు. చేత్తో బలంగా లాగితే కదిలే గ్రిల్ లేని ధైర్యాన్ని ఇస్తుంది. రెండోది తెరుచుకునే పలక. మంటలు చెలరేగి మెట్లంతా పొగ నిండితే అగ్నిమాపక సిబ్బంది నిచ్చెన వేసేది ఆ బాల్కనీకే. పూర్తిగా మూసేసిన గ్రిల్ అప్పుడు జైలవుతుంది. అటువంటి నమూనాను సంఘం నిరాకరిస్తే ఆ నిరాకరణను మేము సమర్థిస్తాం. పావురాల కోసం కట్టే నైలాను వలను పిల్లల రక్షణ అని ఎవరైనా చూపితే అదీ ఒప్పుకోకూడదు. ఎండకు దాని దారం పెళుసెక్కిపోతుంది.

మిగిలింది ఎలివేషన్. అందం మీద శ్రద్ధ తప్పు కాదు, భవనం ముఖం అందరిదీ. కానీ దానికీ దారుంది. సింగపూర్ చట్టం బహుళ యాజమాన్య భవనాల్లో పిల్లలకు హాని జరగకుండా ఏర్పాటు చేసుకునే నిర్మాణాన్ని అనుమతిస్తుంది. అది భవనం మిగతా రూపానికి పొసగాలని, పని సక్రమంగా ఉండాలని మాత్రమే షరతు. న్యూయార్క్ నగరం ఇంకా ముందుకెళ్లింది. పదేళ్లలోపు పిల్లలున్న అపార్ట్‌మెంట్ల కిటికీలకు గార్డులు బిగించాల్సిన బాధ్యత అక్కడ భవన యజమానిదే. ఆ బరువు మన సంఘాలు మోయాలని మేము అడగడం లేదు. ఇంటివారు సొంత ఖర్చుతో చేసుకుంటామన్నప్పుడు అడ్డుపడవద్దని మాత్రమే అడుగుతున్నాం.

‘ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు’ అన్న వాదన కూడా వినిపిస్తుంది. అడగనివ్వండి. ఒకే నమూనా, ఒకే రంగు సర్వసభ్య సమావేశంలో ఆమోదించి నోటీసు బోర్డులో పెడితే, ఎందరు బిగించినా భవనం అతుకుల బొంతలా ఉండదు. ఆ నమూనాకు సరిపోయే దరఖాస్తుకు వారం రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. కాదనాల్సి వస్తే ఏ కొలత తప్పిందో, ఎలా సరిచేయాలో అందులో రాయాలి. అద్దెకుండేవారు అడిగితే యజమాని సమ్మతి పత్రం చాలు. అనుమతి పేరుతో రుసుము మాత్రం వసూలు చేయకూడదు.